అట్రోపిన్: ఎక్కడ ఆపాలి?

అట్రోపిన్ బెల్లడోనా, ఉమ్మెత్త జాతి మొక్కల్లో దొరికే ఆల్కలాయిడ్. గ్రంథులు, గుండె, పేగులు, మూత్రాశయం, కంటిపాప కండరం దగ్గర అసిటైల్‌కోలిన్ పనిచేసే మస్కరినిక్ గ్రాహకాలను ఇది అడ్డుకుంటుంది. అవయవాలన్నీ ఒకే మోతాదుకు లొంగవు. అర మిల్లీగ్రాముకే పెద్దవాళ్లకు నోరెండుతుంది, చెమట తగ్గుతుంది. 2 మిల్లీగ్రాములకు గుండె వేగం పెరిగి కంటిపాప విచ్చుకుంటుంది. ఇంకా పెంచితే మూత్రం ఆగిపోయి పేగులు స్తంభిస్తాయి. 10 మిల్లీగ్రాముల దగ్గర మతి తప్పుతుంది. కడుపులో ఆమ్లం తగ్గేది దాదాపు చివర. అందుకే అల్సర్‌కు ఈ మందు నిలవలేదు. ఒక్క అవయవానికే పరిమితం చేయాలని తర్వాత వచ్చినవే ఉబ్బసానికి పీల్చే ఇప్రాట్రోపియం, కంటి పరీక్షకు వేసే ట్రోపికమైడ్.

ఈ మోతాదుల లెక్క పురుగుమందు తాగిన రోగి దగ్గర తలకిందులవుతుంది. ఆర్గానోఫాస్ఫేట్ మందులు అసిటైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైమును పనిచేయనివ్వవు. పేరుకుపోయిన అసిటైల్‌కోలిన్ ఊపిరితిత్తుల్ని స్రావాలతో నింపుతుంది, గుండెను నెమ్మదింపజేస్తుంది. ఆరోగ్యవంతుణ్ణి పిచ్చెత్తించే 10 మిల్లీగ్రాములు ఇక్కడ సగం పని కూడా చేయకపోవచ్చు. కాబట్టి ఆపాల్సిన చోటును చెప్పేది మోతాదు కాదు, రోగి ఛాతీ. 0.6 మిల్లీగ్రాముల ఆంపూల్స్ మూడుతో, అంటే 1.8తో మొదలుపెట్టారనుకుందాం. అయిదు నిమిషాలకు గురగుర తగ్గకపోతే 3.6, అప్పటికీ తగ్గకపోతే 7.2 ఇస్తారు. ఛాతీ తేటపడి, నాడి 80 దాటి, రక్తపోటు నిలదొక్కుకుంటే మొత్తం 12.6తో లక్ష్యం అందినట్టే. ఆ తర్వాత గంటకు అందులో పదో వంతు నుంచి అయిదో వంతు వరకు డ్రిప్‌లో ఎక్కిస్తారు. ఇలా రెట్టింపు చేస్తూ పోవడం ఆగి ఆగి ఇంజెక్షన్లు ఇవ్వడం కంటే మేలని బంగ్లాదేశ్‌లో జరిగి 2012లో ప్రచురితమైన పరీక్షలో తేలింది: మరణాలు 22.5 శాతం నుంచి 8 శాతానికి తగ్గాయి.

నాడి ముందే 120 ఉంటే అట్రోపిన్ ఎలా ఇస్తారని కొందరి అభ్యంతరం. ఆ వేగం ఆక్సిజన్ అందకపోవడం వల్లో, విషం నికోటినిక్ గ్రాహకాలను రెచ్చగొట్టడం వల్లో రావచ్చు. ఛాతీ తడిగా ఉన్నంతవరకు మందు ఆపడానికి అది కారణం కాదు. కంటిపాపనే కొలతగా పెట్టుకోవచ్చుగా అంటే, అది ఆలస్యంగా స్పందిస్తుంది. పురుగుమందు కంట్లో చిందితే అసలు విచ్చుకోకపోవచ్చు కూడా. మోతాదు మించిపోయిందా అన్న భయం మాత్రం న్యాయమైనదే. మించితే చర్మం ఎండి ఎర్రబారుతుంది, జ్వరం వస్తుంది, పొట్ట మీద స్టెతస్కోపు పెడితే పేగుల చప్పుడు వినిపించదు, మూత్రాశయం ఉబ్బుతుంది, రోగి కనిపించనివాటితో మాట్లాడుతూ దుప్పటి పీకుతుంటాడు. ఉమ్మెత్త గింజలు తిన్న పిల్లల్లోనూ కనిపించేది ఇదే. అప్పుడు డ్రిప్ ఆపి, ఒళ్లు చల్లబరిచి, అరగంట తర్వాత మళ్లీ చూసి, కాస్త తగ్గించి మొదలుపెడతారు. ఛాతీ తేటపడ్డాక కూడా మెడ ఎత్తలేకపోతే, శ్వాస బలహీనపడితే అట్రోపిన్ పెంచి లాభం లేదు. ఆ కండరాలవి నికోటినిక్ గ్రాహకాలు, వాటి మీద ఈ మందు పనిచేయదు. ఆ రోగికి కావలసింది వెంటిలేటరు.