హుకుమే ఇమ్తినాయి నుంచి ఇంజంక్షన్ దాకా

మాచారెడ్డి రైతు భూమి తగాదా మీద కామారెడ్డి కోర్టుకు పోతే వకీలును ముందుగా అడిగేది ఒకటే: "సార్, స్టే వస్తదా?" ఆ స్టేకే చట్టంలో తాత్కాలిక నిషేధాజ్ఞ, ఇంజంక్షన్ అని పేర్లు. నిజాం కాలంలో కోర్టులు ఉర్దూలో నడిచినప్పుడు అదే హుకుమే ఇమ్తినాయి.

బ్రిటిష్ ఇండియాలో 1859 కోడ్ నాటికే ఉన్న ఈ అధికారం 1908లో సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డర్‌గా కుదురుకుంది. 1951 ఏప్రిల్ 1న అదే కోడ్ హైదరాబాద్ రాష్ట్రానికి వచ్చింది. అయితే కబ్జా నుంచి వెళ్లగొడతామన్న బెదిరింపును విడిగా చెప్పిన క్లాజు 1976 సవరణతోనే చేరింది. మన పల్లెల దావాలకు అసలు ఆయువుపట్టు ఆ క్లాజే.

స్టే ఇచ్చే ముందు కోర్టు చూసే మూడు షరతులు 39వ ఆర్డర్‌లో ఎక్కడా రాసి లేవు. ఇంగ్లండ్ చాన్సరీ కోర్టుల నుంచి తీర్పుల దారిన వచ్చాయి. 1991 డిసెంబరులో దల్పత్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు వాటిని విడమరిచింది.

ఒక రైతు ఉన్నాడనుకుందాం. తండ్రి సాదాబైనామా మీద కొన్న రెండెకరాల్లో మక్క వేశాడు. అమ్మినవాళ్ల కొడుకులు ట్రాక్టర్‌తో వచ్చి, రిజిస్ట్రీ లేదు కాబట్టి భూమి తమదేనన్నారు. మొదటి షరతు, పైకి చూస్తే నిలబడే కేసు. ఇక్కడ హక్కు తేలనక్కర్లేదు. దావా వేసిన రోజున కబ్జా ఎవరిదన్నది ముఖ్యం. పహాణీలో అనుభవదారు కాలమ్‌లో ఏళ్ల తరబడి తన పేరుంటే విచారించదగ్గ కేసు ఉన్నట్టే. రెండోది, ఎవరికి ఎక్కువ ఇబ్బంది అన్న తూకం. ఆర్డర్ ఇస్తే అవతలివాళ్లు తీర్పు దాకా ఆగాలి, ఇవ్వకపోతే చేను దున్నేస్తారు. మూడోది, డబ్బుతో పూడని నష్టం. పంట పోతే లెక్కకట్టి ఇప్పించవచ్చు. కానీ బావి పూడ్చి, ప్లాట్లు చేసి అమ్మేస్తే ఏ పరిహారమూ ఆ భూమిని తిరిగి తేలేదు. ఈ మూడూ కలిసి ఉండాలి, ఒక్కటి బలంగా ఉంటే చాలదు.

దావాకు ముందురోజే బయటికి నెట్టేసి ఉంటే మాత్రం కథ మారుతుంది. లేని కబ్జాను ఇంజంక్షన్ కాపాడదు, భూమి తిరిగి ఇప్పించమని అడగాలి. అందుకే తేదీ దగ్గర అబద్ధపు అఫిడవిట్లు పుడతాయి. ఎదుటివారికి నోటీసు లేకుండా ఆర్డర్ ఇస్తే కోర్టు కారణాలు రాయాలి, దావా వేసినవాళ్లు కాగితాలు వెంటనే అవతలివాళ్లకు పంపాలి, కోర్టు 30 రోజుల్లో పిటిషన్ తేల్చడానికి చూడాలి. ఈ పగ్గాలూ 1976వే.

2020లో ధరణి వచ్చాక అనుభవదారు కాలమ్ లేకుండా పోయింది. మొదటి షరతుకు దశాబ్దాలుగా ఆసరాగా ఉన్న కాగితం అది. దాంతో రైతు పాత పహాణీలు, బోరు కరెంటు బిల్లులు, పక్కచేనువాళ్ల అఫిడవిట్లు పట్టుకుని రావాల్సి వచ్చింది. కోర్టు పంపిన కమిషనర్ మక్క ఎంత ఎత్తు పెరిగిందో రాసుకుపోగలడు. ఆ విత్తనం ఎవరు వేశారో తేల్చడం ఆయన పని కాదు.