పిడికెడు నుంచి గ్రాము దాకా: అమ్రాబాద్ వంటింటి కొలతలు

నల్లమల అంచున ఎత్తుమీదున్న అమ్రాబాద్ ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోది. 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. ఈ మెట్టప్రాంతపు జొన్న గట్కకు, సంక్రాంతి సకినాలకు, ఎండాకాలపు మామిడికాయ తొక్కుకు పాతకాలంలో రాసిపెట్టిన లెక్కంటూ లేదు. ఉన్నది చెయ్యి, దాని తర్వాత గిన్నె. చిటికెడు, పిడికెడు, చారెడు, దోసెడు చేతివి. గిద్దెడు, సోలెడు, తవ్వెడు, మానెడు పాత్రవి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఊరూరికీ మానిక సైజు మారేది. అయినా వంట చెడేది కాదు, ఎందుకంటే గింజలకూ ఎసరుకూ ఇంట్లో ఒకే పాత్ర వాడేవారు. సోల పెద్దదైతే నీళ్లూ అంతే పెరిగేవి.

తేడా వచ్చింది తూకంతో. పాత శేరుకు 80 తులాలు. తులం 11.66 గ్రాములు కాబట్టి శేరు 933 గ్రాములు. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు విడతలవారీగా అంగళ్లలోకి దిగాయి. శేరు పోయి కిలో వచ్చింది. ఆ తర్వాత తులమంటే 10 గ్రాములన్న వాడుకా స్థిరపడింది. ఇళ్లలో మాత్రం పాత అంకెలే నడిచాయి. శేరు అన్నచోట కిలో అనుకున్నారు, తులాన్ని తులంగానే ఉంచుకున్నారు.

దీంతో ఏమైందో సకినాల పిండిలో చూడొచ్చు. శేరు బియ్యప్పిండికి తులం వాము అనుకుందాం. పాత తూకంలో ఇది 80కి ఒకటి. కిలోకు 10 గ్రాములు వేస్తే వందకి ఒకటి అవుతుంది. అంటే వాము అయిదో వంతు తగ్గింది. పాతకాలపు సకినాలకు ఆ ఘాటే వేరని పెద్దలు అంటే అదంతా జ్ఞాపకాల మోజని కొట్టిపారేయకూడదు. కొంత తక్కెడ మహిమ కూడా!

1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చేనాటికి సరుకు ఇంటికి కిలోల్లోనే చేరుతోంది. వంట మాత్రం స్టీలు గ్లాసుతో సాగింది. సోల వెళ్లిన చోట గ్లాసు కూర్చుంది, పద్ధతి పాతదే. ఇక్కడ చిక్కు వేరు. అందరి గ్లాసూ ఒకటి కాదు. నీళ్ల గ్లాసులో సుమారు 200 మిల్లీలీటర్లు పడితే, చాయ్ గ్లాసులో అందులో సగమే. అచ్చువంటల్లోని 'కప్పు' చాలాచోట్ల 240. ఒకే వంటలో రెండు కలిపితే నిష్పత్తి పోతుంది.

గ్లాసును గ్రాముల్లోకి మార్చేటప్పుడు అసలు పట్టించుకోవాల్సింది ఉప్పు. మామిడికాయ తొక్కునే తీసుకోండి. 200 మిల్లీలీటర్ల గ్లాసుతో అయిదు గ్లాసుల ముక్కలు, ఒక్కో గ్లాసు కారం, ఆవపిండి, నూనె, ముప్పావు గ్లాసు ఉప్పు. ముక్కలు సుమారు 600 గ్రాములు తూగుతాయి, నూనె 180, ఆవపిండి 100, కారం 90. కళ్లుప్పు ముప్పావు గ్లాసు 140 గ్రాముల దగ్గర ఉంటుంది. రాళ్ల మధ్య గాలి ఉంటుంది కదా. అదే గ్లాసులో మెత్తటి ప్యాకెట్ ఉప్పు పోస్తే 180 దాటొచ్చు. మొత్తంలో ఉప్పు పన్నెండున్నర శాతం నుంచి పదిహేనున్నరకు ఎక్కుతుంది, అది నోటికి తెలిసిపోతుంది. తిరగేసి, మెత్తటి ఉప్పుకు రాసిన గ్లాసు లెక్కను కళ్లుప్పుతో నింపితే ఉప్పు తక్కువవుతుంది. కొన్నాళ్లకు పైన తెల్లటి బూజు కనిపిస్తుంది. అందుకే తొక్కుకు గ్లాసు నమ్మదగింది కాదు, గ్రామే మేలు.

పెద్దల చేతికొలతను పట్టుకోవడానికి వాళ్లను తక్కెడ దగ్గర కూర్చోబెట్టక్కర్లేదు. ఉప్పు డబ్బాను ముందు తూచి, వాళ్ల మానాన వండుకోనిచ్చి, మళ్లీ తూస్తే తగ్గిందెంతో అదే వాళ్ల పిడికెడు. చిటికెడుకు ఇది చాలదు. ఇంటి తక్కెడలు చాలావరకు గ్రాముకు తక్కువ చూపవు, చిటికెడు ఉప్పేమో అర గ్రాముకు అటూ ఇటూ. పది చిటికెలు ఒక గిన్నెలో వేయించి, తూచి, పదితో భాగిస్తే దగ్గరి లెక్క వస్తుంది.

జొన్నరొట్టె దగ్గర మాత్రం ఈ పద్ధతి ఆగిపోతుంది. అప్పుడే విసిరిన పిండికీ నెల నిల్వున్న పిండికీ నీళ్లు ఒకేలా పట్టవు. పాత పిండి జిగి తగ్గి, తట్టేటప్పుడు అంచు పగులుతుంది. గ్లాసు పిండికి ముందు ముప్పావు గ్లాసు మరిగే నీళ్లు రాసుకుని, మిగతాది అంచు పగలడం ఆగేదాకా కొంచెం కొంచెంగా చల్లుకోవాలి.