మహిళల పోటీకి గీసిన గీత

1976 ఆగస్టులో అమెరికాలోని సౌత్ ఆరెంజ్ అనే ఊళ్లో మహిళల టెన్నిస్ టోర్నమెంటు ఒకటి జరిగింది. ఆడాల్సిన 32 మందిలో 25 మంది తప్పుకున్నారు. అందులో రెనే రిచర్డ్స్ ఆడుతున్నారన్నదే వాళ్ల అభ్యంతరం. రిచర్డ్స్ కంటి డాక్టరు. యేల్ విశ్వవిద్యాలయంలో మగవాళ్ల టెన్నిస్ జట్టుకు కెప్టెన్‌గా ఉన్నవారు. 1975లో శస్త్రచికిత్స చేయించుకుని మహిళగా కొత్త జీవితం మొదలుపెట్టారు. ఎవరి కంటా పడకుండా బతకాలనుకున్నా, కాలిఫోర్నియాలో ఒక చిన్న టోర్నమెంటు గెలవగానే ఒక టీవీ విలేకరి ఆమె గతం బయటపెట్టాడు.

అమెరికా టెన్నిస్ సంఘం ఆమెను క్రోమోజోమ్ పరీక్షకు రమ్మంది. ఆమె కోర్టుకు వెళ్లారు. ఆనాటి మహిళా టెన్నిస్‌కు పెద్దదిక్కయిన బిల్లీ జీన్ కింగ్ ఆమె తరఫున ప్రమాణపత్రం ఇచ్చారు. 1977 ఆగస్టులో న్యూయార్క్ కోర్టు రిచర్డ్స్ పక్షాన తీర్పు చెప్పింది. కొద్ది రోజులకే ఆమె యూఎస్ ఓపెన్ ఆడి, సింగిల్స్ మొదటి రౌండులోనే వర్జీనియా వేడ్ చేతిలో ఓడిపోయారు. డబుల్స్‌లో మాత్రం ఫైనల్ దాకా వెళ్లారు. అప్పటికి ఆమె వయసు 43. ఒకరు ఆ ఓటమిని చూసి ‘మగ శరీరంతో పెరిగినందువల్ల ఏ మేలూ లేదు’ అన్నారు, ఇంకొకరు ఆ వయసులో ఫైనల్‌ను చూసి ‘ఉంది’ అన్నారు. యాభై ఏళ్లు కావస్తున్నా వాదన దాదాపు అదే. మారుతూ వచ్చింది గీత ఒక్కటే.

నిజానికి ఆ గీత రిచర్డ్స్ కంటే ముందే ఉంది, ట్రాన్స్‌జెండర్ల కోసం గీసిందీ కాదు. మగవాళ్లు ఆడవేషంలో పతకాలు తన్నుకుపోతున్నారన్న అనుమానం 1960లలో బాగా ముదిరింది. 1966లో బుడాపెస్ట్ యూరోపియన్ అథ్లెటిక్స్ పోటీల్లో క్రీడాకారిణులు డాక్టర్ల ముందు బట్టలు లేకుండా నడవాల్సి వచ్చింది. ఆ అవమానం మీద గగ్గోలు పుట్టాక, బుగ్గ లోపలి నుంచి కణాలు గీసి తీసి క్రోమోజోములు చూసే పరీక్ష వచ్చింది. 1968 ఒలింపిక్స్ నుంచి అదే పద్ధతి.

ఆ పరీక్ష ఎలా గురి తప్పిందో స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసె మార్టినెజ్ పటీన్యో జీవితం చెబుతుంది. 1985లో కోబె విశ్వవిద్యాలయ క్రీడల్లో ఆమెకు ఎక్స్‌వై క్రోమోజోములున్నట్టు తేలింది. పుట్టినప్పటి నుంచీ ఆమె ఆడపిల్లే. ఆమె శరీరానికి టెస్టోస్టిరాన్ పనిచేయదు. అంటే మగవాళ్ల కండబలానికి కారణమైన హార్మోన్ ఆమెకు వీసమెత్తు కూడా అక్కరకు రాలేదు. అయినా పతకాలు, రికార్డులు, ఉపకారవేతనం అన్నీ పోయాయి. మూడేళ్లు పోరాడి 1988లో అర్హత తిరిగి తెచ్చుకుంది. 1999లో ఒలింపిక్ సంఘం అందరికీ చేసే ఈ పరీక్షను ఆపేసింది. ఆమెదీ, మన దుతీ చంద్‌దీ పుట్టుకతో వచ్చిన శరీర వైవిధ్యానికి సంబంధించిన కథలు. హైదరాబాద్‌లో శిక్షణ పొందిన దుతీ 2015లో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానంలో పోరాడింది టెస్టోస్టిరాన్ నిబంధన మీద. వీళ్లు ట్రాన్స్ మహిళలు కారు. వార్తల్లో ఈ రెంటినీ కలిపేయడం వల్ల సగం గందరగోళం పుడుతోంది.

ట్రాన్స్ మహిళల కోసం ఒలింపిక్ సంఘం తొలి నియమం 2003లో వచ్చింది: శస్త్రచికిత్స అయి ఉండాలి, చట్టప్రకారం గుర్తింపు ఉండాలి, రెండేళ్లు హార్మోన్ చికిత్స జరిగి ఉండాలి. ఆటకోసం ఎవరినీ ఆపరేషన్ చేయించుకోమనడం అన్యాయమన్న వాదన నెగ్గి, 2015లో శస్త్రచికిత్స షరతు పోయింది. దాని స్థానంలో ఒక అంకె వచ్చింది. రక్తంలో టెస్టోస్టిరాన్ ఏడాది పాటు లీటరుకు 10 నానోమోల్‌ల లోపు ఉంటే చాలన్నారు. మామూలుగా ఆడవాళ్లలో అది 2 లోపే ఉంటుంది, మగవాళ్లలో సుమారు 8 నుంచి 29 దాకా. అంటే ఆ హద్దు మగవాళ్ల కింది అంచుకు కూడా పైనే ఉంది. ఈ నియమం కిందే న్యూజిలాండ్ వెయిట్‌లిఫ్టర్ లారెల్ హబ్బర్డ్ టోక్యో ఒలింపిక్స్‌లో ఆడి, మూడు ప్రయత్నాల్లో ఒక్కటీ ఎత్తలేక వెనుదిరిగారు.

ఇక 2022 మార్చికి వద్దాం. అమెరికా కాలేజీ ఈత పోటీల్లో 500 గజాల ఫ్రీస్టైల్‌ను పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ట్రాన్స్ మహిళ లియా థామస్ 4 నిమిషాల 33.24 సెకన్లలో గెలిచింది. రెండో స్థానం ఒలింపిక్ రజత విజేత ఎమ్మా వేయంట్‌ది, సుమారు ఒకటిముప్పావు సెకన్ల వెనక. 2019లో హార్మోన్ చికిత్స మొదలుపెట్టక ముందు, మగవాళ్ల జట్టులో థామస్ ఇదే దూరాన్ని 4 నిమిషాల 18 సెకన్ల పైచిలుకులో ఈదింది. అంటే దాదాపు 15 సెకన్లు, శాతంలో ఐదున్నర, నెమ్మదించింది. ఆ రోజుకి ఈ దూరంలో మగవాళ్ల కాలేజీ రికార్డు 4:06, ఆడవాళ్లది కేటీ లెడెకీ పేరిట 4:24. ఆ తేడా 7 శాతం. చికిత్స వేగాన్ని తగ్గించింది, కానీ ఆడా మగా మధ్య ఉన్నంత దూరం తగ్గించలేదు. ఇంతవరకూ లెక్క తేటగా ఉంది.

అయితే ఈ లెక్క మోయగలిగినంత బరువే దాని మీద పెట్టాలి. ఇది ఒక్క మనిషి కథ. మధ్యలో కోవిడ్ వచ్చి ఈత కొలనులు మూతపడ్డాయి. ఒకరి శిక్షణ, తిండి, మనసు మూడేళ్లలో ఎటు మారాయో సెకన్లలో విడదీయలేం. పైగా అదే పోటీల్లో 200 గజాల్లో థామస్ ఐదో స్థానంలో, 100 గజాల్లో ఎనిమిదో స్థానంలో నిలిచింది. లెడెకీ రికార్డుకు 9 సెకన్ల దూరంలో ఆగింది. తిరుగులేని ఆధిక్యమని దీన్ని అనలేం. మేలు లేదనీ అనలేం.

అందుకే ఒక మనిషిని వదిలి గుంపుల్ని చూడాలి. తెలిసినదేమంటే, చిన్నపిల్లల్లో ఆడా మగా తేడా కొద్దిపాటిదే. అబ్బాయిలు ఈడుకు వచ్చే వేళ టెస్టోస్టిరాన్ పొంగుతుంది, అప్పుడు ఎత్తు, భుజాల వెడల్పు, గుండె పరిమాణం, కండ అన్నీ ఒక్కసారి పెరుగుతాయి. ఆ తర్వాత పరుగులోనూ ఈతలోనూ అత్యున్నత స్థాయి తేడా 10 శాతం అటూ ఇటూగా స్థిరపడుతుంది, బరువులెత్తడంలో 30 శాతం దాకా వెళుతుంది. ట్రాన్స్ మహిళ టెస్టోస్టిరాన్‌ను అణిచే మందులు వాడితే రక్తంలో హెమోగ్లోబిన్ నాలుగు నెలల్లోనే ఆడవాళ్ల స్థాయికి దిగుతుంది. కండ మాత్రం అంత తేలిగ్గా పోదు, ఏడాది చికిత్స తర్వాత సుమారు 5 శాతమే తగ్గినట్టు పరిశోధనలను సమీక్షించినవారు చెప్పారు. ఎముకల పొడవు ఎలాగూ తగ్గదు.

అమెరికా వైమానిక దళ సిబ్బంది ఫిట్‌నెస్ రికార్డులతో 2020లో వెలువడిన ఒక అధ్యయనం నాకు అన్నిటికంటే విలువైనదనిపిస్తుంది, ఎందుకంటే అది ఇరుపక్షాలకూ సగం సగం సాక్ష్యమిచ్చింది. చికిత్సకు ముందు 46 మంది ట్రాన్స్ మహిళలు తోటి మహిళల కంటే 31 శాతం ఎక్కువ పుషప్‌లు తీశారు. రెండేళ్ల తర్వాత ఆ తేడా మాయమైంది. మైలున్నర పరుగులో మాత్రం ముందు 21 శాతం వేగంగా ఉన్నవారు రెండేళ్ల తర్వాత కూడా 12 శాతం ముందున్నారు.

వివాదం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడ. వాళ్లు సైనికులు, శిక్షణ పొందిన క్రీడాకారులు కారు. రోజూ జిమ్‌లో శ్రమించే మనిషిలో కండ మరింత నిలుస్తుందా? పెద్ద ఎముకలను తగ్గిన కండ లాగాల్సి వస్తే అది బరువవుతుందా? ఒలింపిక్ సంఘం డబ్బుతో బ్రైటన్‌లో జరిగి 2024లో వెలువడిన అధ్యయనంలో ట్రాన్స్ మహిళల చేతి పట్టు ఎక్కువగా, నిలువుగా ఎగిరే ఎత్తు తక్కువగా కనిపించాయి. కానీ అందులో ఉన్న ట్రాన్స్ మహిళలు 23 మంది. అత్యున్నత స్థాయిలో ఆడే ట్రాన్స్ క్రీడాకారిణులు చాలా కొద్దిమంది కాబట్టి వారి మీద ఏళ్ల తరబడి కొలతలు తీసిన పెద్ద అధ్యయనం లేదు. ఈడు రాకముందే మందులతో ఆ మార్పును ఆపిన పిల్లల గురించి సమాచారం ఇంకా తక్కువ.

థామస్ గెలిచిన మూడు నెలలకే ప్రపంచ ఈత సమాఖ్య గీతను మరోచోటికి జరిపింది: మగ ఈడు తొలి దశ లేదా 12 ఏళ్లు, వీటిలో ఏది తర్వాత వస్తే అది దాటకముందే ఆ ఈడును మందులతో ఆపనివారు మహిళల విభాగంలో ఆడరాదు. వారికోసం 2023లో బెర్లిన్‌లో ‘ఓపెన్’ విభాగం పెడితే ఒక్క దరఖాస్తూ రాలేదు. ఎక్కడికైనా వెళ్లి ఆడుకోండి అని చెప్పడం తేలిక, ‘నేను ఫలానా’ అని ప్రపంచం ముందు ఒంటరిగా నిలబడి ఈదడం కష్టం. 2025 సెప్టెంబర్ నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య మహిళలందరికీ జీవితంలో ఒకసారి, వై క్రోమోజోమ్ మీద ఉండే ఎస్ఆర్‌వై జన్యువు పరీక్షను తప్పనిసరి చేసింది. ఆ జన్యువును 1990లో కనుగొన్న శాస్త్రవేత్త ఆండ్రూ సింక్లెయిరే ఇది ఆ పనికి తగిన పరీక్ష కాదని చెప్పారు. జన్యువు ఉందని తెలుస్తుంది గానీ, అది పనిచేస్తోందో లేదో, శరీరం ఆ హార్మోన్‌ను వాడుకోగలదో లేదో తెలియదు. పటీన్యో విషయంలో జరిగిన పొరపాటు ఇలాంటిదే. ఆమెలాంటి వారికి ఈసారి నిబంధనల్లో మినహాయింపు పెట్టారు.

ఇంత వేడి ఎందుకంటే, ఇక్కడ నష్టం ఊహ కాదు, పేరున్న మనిషికి జరుగుతుంది. ఫైనల్లో ఎనిమిది లేన్లే ఉంటాయి, తొమ్మిదో అమ్మాయి ఇంటికి వెళుతుంది. 200 గజాల్లో థామస్‌తో సమంగా ఐదో స్థానం పొందిన రైలీ గెయిన్స్ ఆ తర్వాత ట్రాన్స్ మహిళలను మహిళల పోటీల్లోకి రానివ్వరాదన్న ఉద్యమానికే గొంతుగా మారింది. 500 గజాల్లో మూడో స్థానంలో నిలిచిన ఎరికా సల్లివాన్ మాత్రం థామస్‌కు ఆడే హక్కుందని బహిరంగంగా రాసింది. ఒకే కొలనులో ఈదినవారికే ఒకే అభిప్రాయం లేదు.

అవతలి వైపు బాధా అంతే నిజం. 2022లో యూటా గవర్నర్ స్పెన్సర్ కాక్స్ పాఠశాల క్రీడల నిషేధ బిల్లును తిప్పికొడుతూ ఒక లెక్క చెప్పారు: హైస్కూల్ క్రీడల్లో 75,000 మంది పిల్లలుంటే ట్రాన్స్ పిల్లలు నలుగురు, అందులో అమ్మాయిల ఆటలాడేది ఒక్కరే. అయినా శాసనసభ ఆ బిల్లును నెగ్గించుకుంది. అదే ఏడాది అక్కడే ఒక అమ్మాయి గెలిస్తే, ఆమె ట్రాన్స్ అని ఓడినవారి తల్లిదండ్రులు అనుమానపడ్డారు, అధికారులు ఆమె కిండర్‌గార్టెన్ నాటి బడి రికార్డుల దాకా తవ్వారు. ఆమె పుట్టినప్పటి నుంచీ ఆడపిల్లే.

నా ఉద్దేశం చెబుతాను. పతకాలూ రికార్డులూ పంచే అంతర్జాతీయ పోటీల్లో, ఇప్పుడున్న సాక్ష్యాన్ని బట్టి మగ ఈడు దగ్గర గీత గీయడం సమంజసమే. ఆ సాక్ష్యం మారితే గీతా మారాలి. అదే గీతను పదేళ్ల పిల్లలు కలిసి ఆడుకునే బడి మైదానానికి లాక్కురావడానికి మాత్రం ఆధారం లేదు. ఏ స్థాయిలోనైనా పరీక్ష తప్పదనుకుంటే అది డాక్టరు గది దాటి బయటకు రాకూడదు. ఫలితం ముందు ఆ అమ్మాయికే తెలియాలి, అప్పీలుకు దారి ఉండాలి. గెలిచిన ఆడపిల్ల ఆకారం చూసి ఫిర్యాదు చేసే హక్కు ప్రేక్షకులకు, తల్లిదండ్రులకు ఇవ్వకూడదు.