70 అక్షరాల ఎస్సెమ్మెస్‌లో పలకరింపు ఎలా?

ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగులో అయితే 70 మాత్రమే. గుణింతం, పొల్లు, సున్నా, ఖాళీ అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ‘ఇబ్బంది’ చూడ్డానికి మూడక్షరాలే, లెక్కలో ఏడు. 70 దాటితే సందేశం భాగాలవుతుంది. ఒక్కో భాగంలో 67 అక్షరాలే పడతాయి, రెండింటికీ ఛార్జీ పడుతుంది.

‘మా సేవలను సంప్రదించినందుకు ధన్యవాదాలు’ అని మొదలుపెడితే 37 అక్షరాలు అక్కడే అయిపోతాయి. పౌరుడిని మాత్రం ఏమీ అడగలేదు. బదులుగా ఇలా రాయొచ్చు:

‘నమస్తే, ఇది నీటి విభాగం. మీకేం ఇబ్బంది? వీధి పేరుతో రాయండి:’

ఇది 59 అక్షరాలు. ఎవరు పంపారో తెలుస్తుంది. ‘మీకేం ఇబ్బంది?’ అనడంతో కుళాయి రాకపోయినా, బిల్లు ఎక్కువొచ్చినా సొంత మాటల్లో చెప్పుకోవచ్చు. వీధి పేరు ఉంటే సిబ్బంది మళ్లీ అడగక్కర్లేదు.

అక్షరాల హెడర్‌తో వచ్చే ఎస్సెమ్మెస్‌కు రిప్లై ఇవ్వడం కుదరదు. అందుకే చివర ఒక ఖాళీ వదిలి, జవాబు పంపాల్సిన పదంకెల నంబరు ఇవ్వాలి. దాంతో సరిగ్గా 70. ఇంకో కామా చేర్చినా రెండో ఎస్సెమ్మెస్ అవుతుంది.