పారిశ్రామిక నెట్‌వర్క్ భద్రత

విద్యుత్ కేంద్రాలు, రిఫైనరీలు, ఉక్కు కర్మాగారాలు, నీటి శుద్ధి కేంద్రాల్లో యంత్రాలను నడిపే కంప్యూటర్లనూ, వాటిని కలిపే నెట్‌వర్క్‌నూ కాపాడే పనిని పారిశ్రామిక నెట్‌వర్క్ భద్రత అంటారు. ఆఫీసు కంప్యూటర్ చెడితే ఫైళ్లు పోతాయి, బిల్లులు ఆలస్యమవుతాయి. ప్లాంటులో కంట్రోలర్ తప్పితే వాల్వు తెరుచుకుంటుంది, పంపు ఆగిపోతుంది, మరుగుతున్న బాయిలర్‌లో నీటిమట్టం పడిపోతుంది. అందుకే ఆఫీసులో సరైనదనిపించే జాగ్రత్త ప్లాంటులో ప్రమాదం కావచ్చు. అమెరికాలోని రెండు అణు విద్యుత్ కేంద్రాల్లో ఐదేళ్ల తేడాతో జరిగిన సంఘటనలు ఈ సంగతిని స్పష్టంగా చూపిస్తాయి. మొదటిచోట ప్యాచ్ వేయకపోవడం వల్ల చిక్కు వచ్చింది, రెండోచోట అప్‌డేట్ వేయడం వల్లే వచ్చింది.

డేవిస్-బెస్, 2003

2003 జనవరి 25న స్లామర్ అనే వార్మ్ ప్రపంచమంతా పాకింది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని ఒక లోపం దాని దారి. ఆ లోపానికి ప్యాచ్ అప్పటికి ఆరు నెలల ముందే, 2002 జూలైలో వచ్చింది. ఒహాయోలోని డేవిస్-బెస్ కేంద్రంలో ప్లాంటు కంప్యూటర్లు చూసుకునేవారికి ఆ ప్యాచ్ సంగతి తెలియదు.

ఆ కేంద్రానికి ఫైర్‌వాల్ ఉంది. స్లామర్ వాడే 1434 పోర్టును అది అడ్డుకునేది కూడా. కానీ వార్మ్ ఫైర్‌వాల్ వైపు రాలేదు. ఒక కాంట్రాక్టరు కంపెనీ నెట్‌వర్క్ నుంచి కేంద్రం ఆఫీసు నెట్‌వర్క్‌కు నేరుగా ఒక లైను ఉంది. అది ఫైర్‌వాల్‌ను తాకకుండా లోపలికి వెళ్తుంది. వార్మ్ ఆ లైను పట్టుకుని ఆఫీసుకు చేరింది. అక్కడి నుంచి ప్లాంటు నెట్‌వర్క్‌లోకి వెళ్లి, ప్యాచ్ లేని సర్వర్‌ను పట్టుకుంది. ఆ రద్దీకి రియాక్టర్ భద్రతకు సంబంధించిన కొలతలు చూపించే తెర దాదాపు ఐదు గంటలు పనిచేయలేదు. ప్లాంటు ప్రక్రియలను గమనించే మరో కంప్యూటర్ ఆరు గంటలకు పైగా ఆగిపోయింది. అంతకుముందు ఏడాది నుంచీ రియాక్టర్ మరమ్మతుల కోసం ఆగి ఉంది, పాతకాలపు అనలాగ్ మీటర్లూ పనిచేశాయి. లేకపోతే ఆ గంటలు ఆపరేటర్లకు చాలా కష్టంగా గడిచేవి.

హాచ్, 2008

2008 మార్చిలో జార్జియా రాష్ట్రంలోని హాచ్ కేంద్రంలో ఒక ఇంజినీరు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేశాడు. అతను చేయి పెట్టింది ఆఫీసు నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ మీదే. రసాయన పరీక్షల వివరాలను, ఇతర కొలతలను నియంత్రణ వ్యవస్థ నుంచి తెచ్చుకుని చూపించడం దాని పని. అయితే రెండువైపులా సమాచారం ఒకేలా ఉండేట్టు ఆ సాఫ్ట్‌వేర్‌ను రాశారు. అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ మళ్లీ మొదలైనప్పుడు నియంత్రణ వ్యవస్థలోని విలువలు కూడా చెరిగిపోయాయి. విలువలు కనబడకపోవడంతో, ఇంధన కడ్డీలను చల్లబరిచే నీళ్లు తగ్గిపోయాయని భద్రతా వ్యవస్థ అర్థం చేసుకుంది. రెండో యూనిట్‌ను ఆపేసింది. యూనిట్ 48 గంటలు ఆగింది.

ఇందులో భద్రతా వ్యవస్థ తప్పేమీ లేదు. సమాచారం అందనప్పుడు అపాయముందనుకుని ఆపేయడమే దాని ధర్మం. ఆఫీసు యంత్రం ప్లాంటు విలువలను చదవడమే కాక రాయగలగడం ఇక్కడి అసలు లోపం. ఆ తర్వాత ఆ సర్వర్ల మధ్య కనెక్షన్‌ను కేంద్రం తెంచేసింది.

రెండు సంఘటనల వెనకా ఒకటే కారణం కనిపిస్తుంది: ఆఫీసుకూ ప్లాంటుకూ మధ్య ఎవరూ సరిగా పట్టించుకోని దారి. ప్యాచ్ వేయాలా వద్దా అన్న ప్రశ్నకు ముందు ఆ దారి సంగతి తేల్చుకోవాలి.

నెట్‌వర్క్‌లను వేరుచేయడం

ఆఫీసుకు ప్లాంటు సమాచారం అక్కర్లేదని ఎవరూ అనలేరు. ఎంత ఉత్పత్తి అయింది, ఎంత ముడిసరుకు ఖర్చయింది అన్నది రోజూ కావాలి. అందుకని రెండు నెట్‌వర్క్‌ల మధ్య మూడో ప్రాంతం ఒకటి పెట్టి, దాని రెండువైపులా ఫైర్‌వాల్ ఉంచుతారు. కొలతలను దాచే సర్వర్ ప్లాంటు లోపలే ఉంటుంది. దాని నకలు ఒకటి మధ్య ప్రాంతంలో ఉంటుంది. ప్లాంటు సర్వర్ ఆ నకలుకు విలువలు పంపుతుంది, ఆఫీసువాళ్లు నకలునే చదువుతారు. ఆఫీసు నుంచి మొదలైన ఏ కనెక్షనూ మధ్య ప్రాంతం దాటి లోపలికి పోకూడదు. హాచ్‌లో ఈ ఒక్క నియమం ఉండి ఉంటే అప్‌డేట్ వల్ల నకలు మాత్రమే చెడేది. ఇంకా గట్టి కాపు కావాలనుకునే చోట డేటా డయోడ్ పెడతారు. అందులో కాంతి పంపే కొస ఒకవైపే ఉంటుంది కాబట్టి ఎదురు దిశలో సమాచారం రావడానికి వీల్లేదు.

ఈ విభజన విలువ భారతదేశంలోనూ కనిపించింది. 2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో పరిపాలన పనులకు వాడే, ఇంటర్నెట్ ఉన్న నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్‌లో మాల్‌వేర్ దొరికింది. కీలకమైన అంతర్గత నెట్‌వర్క్‌తో దానికి సంబంధం లేదని అణు విద్యుత్ సంస్థ ప్రకటించింది.

కాగితం మీద గీసిన గోడ నిజంగా ఉందో లేదో తెలుసుకోవాలంటే లైన్లన్నీ వెతకాలి. కాంట్రాక్టరుకు ఇచ్చిన పాత మోడెం, రెండు నెట్‌వర్క్ కార్డులున్న కంప్యూటర్, తాత్కాలికంగా పెట్టి మరిచిపోయిన రిమోట్ యాక్సెస్ సాధారణంగా బయటపడేవి. లోపలి స్విచ్చి దగ్గర రద్దీని కొన్నివారాలు గమనిస్తే పటంలో లేని యంత్రాలు వాటంతటవే కనిపిస్తాయి.

కంట్రోలర్‌కు ప్యాచ్

ఆఫీసు కంప్యూటర్‌కు నెలకోసారి ప్యాచ్ వస్తుంది. రాత్రి ఎక్కించి రీస్టార్ట్ చేస్తే పొద్దునకు సిద్ధం. కంట్రోలర్‌కు ఆ వెసులుబాటు లేదు. అది సెన్సర్ల విలువలు చదువుతుంది, ప్రోగ్రామ్ ప్రకారం లెక్క కడుతుంది, వాల్వులకూ మోటార్లకూ ఆదేశాలిస్తుంది. సెకనుకు పదులసార్లు ఇదే వరస తిరుగుతుంది. చాలా మోడళ్లలో ఫర్మ్‌వేర్ మార్చాలంటే ముందు ఆ వరసను ఆపాలి. ఆపితే దాని ఆదేశాలన్నీ ముందుగా నిర్ణయించిన స్థితికి, ఎక్కువగా ఆఫ్‌కు, పోతాయి. కాబట్టి ప్లాంటు షట్‌డౌన్‌లో ఉన్నప్పుడే ఈ పని. రిఫైనరీల వంటి చోట్ల అలాంటి అవకాశం కొన్నేళ్లకోసారి వస్తుంది. జంట కంట్రోలర్లున్నచోట ఒకదాని తర్వాత ఒకటి మార్చే వీలు కొన్ని మోడళ్లలో ఉంది.

బాయిలర్ డ్రమ్ నీటిమట్టాన్ని చూసే కంట్రోలర్‌ను తీసుకుందాం. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే కొన్ని మోడళ్లలో ప్రోగ్రామ్ చెరిగిపోతుంది, మళ్లీ లోడ్ చేయాలి. ఇంజినీరు దగ్గరున్న బ్యాకప్ ఎప్పటిదో కావచ్చు. ఆ తర్వాత నైట్ షిఫ్టుల్లో ఆపరేటర్లు మట్టం ఊగకుండా సరిచేసుకున్న ట్యూనింగ్ విలువలు కంట్రోలర్ మెమరీలో తప్ప ఎక్కడా ఉండవు. పాత బ్యాకప్ లోడ్ చేస్తే ప్రోగ్రామ్ నడుస్తుంది, మట్టం మాత్రం ఊగుతుంది. అందువల్ల మొదట కంట్రోలర్‌లో నడుస్తున్నదాన్నే బయటికి తీసి, బ్యాకప్‌తో పోల్చి చూడాలి. తర్వాత అదే మోడల్ స్పేర్ మీద కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించి పరీక్షించాలి. ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌కూ ఆపరేటర్ తెరకూ ఆ వెర్షన్ సరిపోతుందో లేదో తయారీదారు పత్రంలో చూసుకోవాలి. కొన్నిటిలో పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లే వీలుండదు.

ఎక్కించాక రన్ లైటు వెలిగినంత మాత్రాన పని అయిపోలేదు. ట్రాన్స్‌మిటర్ తీగల దగ్గర 4, 12, 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు ఇచ్చి, తెర మీద 0, 50, 100 శాతం కనబడుతున్నాయో లేదో చూడాలి. మట్టం మరీ తగ్గినట్టు చూపించి ట్రిప్ నిజంగా పడుతుందా అన్నదీ పరీక్షించాలి. ఒక్కో వరసకు పట్టే సమయం మునుపటికంటే పెరిగిందేమో కూడా గమనించాలి. పెరుగుదల కొన్ని మిల్లీసెకన్లే అయినా, వేగంగా స్పందించాల్సిన చోట తేడా తెలుస్తుంది.

షట్‌డౌన్ వచ్చేదాకా లోపం తెలిసి కూడా కంట్రోలర్ అలాగే నడవాలి. ఆ కాలంలో ఇంజినీరింగ్ కంప్యూటర్‌కు తప్ప ఎవరికీ దానితో మాట్లాడే వీలులేకుండా ఫైర్‌వాల్‌ను బిగిస్తారు. తాళం స్విచ్చి ఉన్న కంట్రోలర్లలో దాన్ని రన్ స్థానంలో పెట్టి తాళంచెవి తీసేస్తారు. ఈ చివరి జాగ్రత్త చిన్నదేమీ కాదు. 2017లో సౌదీ అరేబియాలోని ఒక పెట్రోకెమికల్ కర్మాగారంలో దాడి చేసినవారు భద్రతా కంట్రోలర్లలోకి తమ కోడ్ ఎక్కించగలిగారు. ఆ కంట్రోలర్ల తాళాలు అప్పుడు ప్రోగ్రామ్ స్థానంలో ఉన్నాయి.