గీజర్

స్నానానికి నీళ్లు కాచే ఇంటి పరికరాన్ని గీజర్ అంటారు. అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనిపించేవి మూడు రకాలు: ట్యాంకులో నీళ్లు కాచి నిల్వ ఉంచే స్టోరేజ్ గీజర్, వస్తున్న నీటిని అప్పటికప్పుడు కాచే ఇన్‌స్టంట్ గీజర్, వంటగ్యాస్‌తో నడిచే గ్యాస్ గీజర్.

చరిత్ర

రోమన్ల స్నానశాలలను మినహాయిస్తే, 19వ శతాబ్దం వరకు వేణ్ణీళ్లంటే చాలాచోట్ల పొయ్యి మీద కాచి మోసుకొచ్చినవే. 1868లో లండన్‌లో ఇళ్లకు రంగులు వేసే పని చేసుకునే బెంజమిన్ వాడీ మాన్ గ్యాస్ మంటతో నీళ్లు కాచే పరికరానికి పేటెంట్ పొందాడు. ఐస్‌లాండ్‌లోని వేడినీటి ఊట పేరునే దానికి పెట్టాడు. పైనుంచి జారే చన్నీళ్లు మంట నుంచి లేచే వేడి వాయువుల గుండా దిగి, కిందికి వచ్చేసరికి కాగేవి. తెలివైన ఏర్పాటే కానీ పొగగొట్టం లేదు. కాలిన గ్యాసంతా స్నానాలగదిలోనే మిగిలేది.

నార్వే నుంచి అమెరికా వెళ్లిన ఇంజనీరు ఎడ్విన్ రూడ్ 1889లో పిట్స్‌బర్గ్‌లో ఎవరూ కనిపెట్టుకుని ఉండనక్కర్లేకుండా నీళ్లు కాచి నిల్వ ఉంచే హీటర్ తయారుచేశాడు. తర్వాతి కాలంలో విమానాల నిర్మాతగా పేరొందిన హ్యూగో యుంకర్స్ కూడా 1890లలో జర్మనీలో గ్యాస్ హీటర్లు చేసినవాడే. అప్పటికప్పుడు కాచడమా, కాచి ఉంచడమా అన్న రెండు దారులూ ఆ శతాబ్దం ముగియకముందే ఏర్పడ్డాయి.

తెలుగు ఇళ్లలో పెరటి కాగు, మధ్యలో నిప్పుల గొట్టం ఉండే రాగి బాయిలర్, బకెట్లో వేలాడదీసే హీటర్ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. పెరడు లేని ఫ్లాట్లు గీజర్‌ను గోడకెక్కించాయి.

చిన్న ఫ్లాట్లో ఎంపిక

హైదరాబాదు చలికాలంలో ఒకే స్నానాలగది ఉన్న ఫ్లాట్‌ను తీసుకుందాం. కుళాయి నీళ్లు 20 డిగ్రీలు, స్నానానికి కావలసినవి 40 డిగ్రీలు, బకెట్ 18 లీటర్లు అనుకుంటే, ఒక బకెట్ కాగడానికి సుమారు 0.42 యూనిట్ల కరెంటు పడుతుంది. కరెంటు గీజర్ ఏ రకమైనా ఈ లెక్క మారదు. ఇన్‌స్టంట్ గీజర్ బకెట్ బకెట్‌కూ కరెంటు ఆదా చేస్తుందన్నది అపోహ. రోజంతా స్విచ్ వేసి వదిలేసిన ట్యాంకు గోడల నుంచి పోయే వేడి మాత్రమే దానితో మిగులుతుంది. స్నానానికి ముందు వేసి, అయ్యాక ఆపేసే ఇంట్లో ఆ తేడా కూడా స్వల్పమే.

తేడా ఉన్నది వేగంలో. 3 లీటర్ల ట్యాంకు, 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్‌లో 60 డిగ్రీలకు కాగి ఉన్న నీళ్లకు చన్నీళ్లు కలిపితే 6 లీటర్లు వస్తాయి. ఆ తర్వాత నిమిషానికి రెండు లీటర్లకు కాస్త పైన మాత్రమే వస్తాయి కనుక బకెట్ నిండటానికి దాదాపు ఆరు నిమిషాలు పడుతుంది. షవర్ కింద నిలబడితే సన్నని ధారే. కుళాయి పెద్దగా తిప్పితే నీళ్లు గోరువెచ్చనవుతాయి.

15 లీటర్ల, 2 కిలోవాట్ల స్టోరేజ్ గీజర్ 60 డిగ్రీలకు రావడానికి సుమారు 21 నిమిషాలు పడుతుంది. మొదటి బకెట్‌కు 9 లీటర్ల వేణ్ణీళ్లు వాడితే, లోపలికి వచ్చిన చన్నీళ్లు మళ్లీ కాగడానికి పన్నెండు, పదమూడు నిమిషాలు చాలు. మొదటివారి స్నానం ముగిసి రెండోవారు వచ్చేసరికి నీళ్లు సిద్ధంగా ఉంటాయి. ముగ్గురు నలుగురున్న ఇంటికి ఇదే అనువైనది. ఒంటరిగా ఉండేవారికి, గోడ మీద చోటు లేనివారికి ఇన్‌స్టంట్ సరిపోతుంది. 3 కిలోవాట్ల గీజర్ 13 ఆంపియర్లు, 2 కిలోవాట్లది 9 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి రెండింటికీ 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ ఉండాల్సిందే. పై అంతస్తులకు పంపుతో నీళ్లు వచ్చే భవనంలో 8 బార్ల పీడనం తట్టుకునే ట్యాంకును ఎంచుకోవడం మేలు.

గ్యాస్ గీజర్ మూడు నాలుగు నిమిషాల్లో బకెట్ నింపుతుంది. కానీ మాన్ కాలం నాటి ప్రమాదం దీన్ని వదల్లేదు. కిటికీ మూసిన చిన్న స్నానాలగదిలో గ్యాస్ సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన, రంగు ఉండవు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం మొదటి గుర్తులు. ఆ తర్వాత మనిషి లోపలే పడిపోవచ్చు, మూర్ఛ కూడా రావచ్చు. మంట నీలంగా కాక పసుపుగా కనిపిస్తే వాడకం ఆపాలి. పరికరాన్ని గాలి ఆడే బాల్కనీలో బిగించి, నీళ్లను మాత్రమే పైపు ద్వారా స్నానాలగదిలోకి తేవాలి.

బోరు నీళ్లున్నచోట కరెంటు గీజర్ల ఎలిమెంట్ మీద సున్నం పేరుకుంటుంది. అప్పుడు కాగే సమయం పెరుగుతుంది, ట్యాంకులోంచి పటపటమన్న చప్పుడు వస్తుంది, చివరికి ఎలిమెంట్ కాలిపోతుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా ముందుగా తాను అరిగే మెగ్నీషియం కడ్డీని కూడా సర్వీసింగ్‌లో తీయించి చూడాలి. బాగా సన్నబడి లోపలి తీగ బయటపడితే మార్చాలి.