డెబ్బై దాటాక డబ్బు తీయాల్సిందే: ఒక అమెరికా పన్ను నిబంధన పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలో 401కె, ఐఆర్‌ఏ వంటి రిటైర్మెంట్ ఖాతాల్లో పన్ను కట్టకుండా దాచుకున్న డబ్బును ఒక వయసు దాటాక ఏటా కొంత చొప్పున తీసుకోవాలి. తీసిన మొత్తంపై ఆదాయపు పన్ను కట్టాలి. అక్కడివాళ్లు దీన్ని ఆర్‌ఎండీ అంటారు. ఎందుకు పెట్టారని అడిగితే సాధారణంగా వినిపించే జవాబు ఒకటే: ఇన్నేళ్లూ వాయిదా వేసిన పన్నును ప్రభుత్వం ఇక వసూలు చేసుకుంటోందని. ఈ మాటలో కొంత నిజం ఉంది. అయితే నిబంధన ఎవరి మీద మొదలై ఎవరి మీదికి పాకిందో చూస్తే మరో కారణం బలంగా కనిపిస్తుంది. పన్ను రాయితీ ముసలితనంలో బతకడానికే గాని వారసులకు ఆస్తి కూడబెట్టడానికి కాదన్న పట్టుదలే ఆ కారణం.

కంపెనీ పింఛన్ పథకాలకు పన్ను మినహాయింపులు 1920ల నాటికే ఉన్నాయి. వాటిలో ఫలానా వయసుకల్లా డబ్బు తీయాలన్న షరతు లేదు. సొంతంగా ప్రాక్టీసు చేసుకునే డాక్టర్లకు, లాయర్లకు మాత్రం ఆ పథకాల్లో చోటే లేదు. బ్రూక్లిన్ నుంచి ఎన్నికైన యూజీన్ కియో వారి కోసం బిల్లు తెచ్చి ఏళ్ల తరబడి పోరాడాడు. ఖజానా శాఖ దాన్ని ఇష్టపడలేదు. చివరికి 1962లో చట్టమైంది గాని ఎన్నో కట్టుబాట్లతో వచ్చింది. ఏటా జమ చేయగలిగేది ఆదాయంలో పదో వంతు లేదా 2,500 డాలర్లు, వీటిలో ఏది తక్కువైతే అది. అందులోనూ సగానికే పన్ను మినహాయింపు. డెబ్బయ్యున్నర ఏళ్లకల్లా యజమాని డబ్బు తీయడం మొదలుపెట్టాలన్న షరతు పుట్టింది ఇక్కడే.

అదే కాలంలో పెద్ద కంపెనీ అధికారికి ఈ షరతు లేదన్నది గమనించాలి. ఖజానాకు పన్ను తొందరే అసలు కారణమైతే, అంతకంటే ఎంతో ఎక్కువ సొమ్మున్న కంపెనీ పథకాలను వదిలి ఈ చిన్న వర్గాన్ని పట్టుకోవడం అర్థం కాదు. తన పథకానికి తానే యజమాని అయినవాడు దాన్ని వారసత్వపు పెట్టెగా మార్చుకుంటాడన్న అనుమానమే ఈ తేడాకు సరైన వివరణ అని నా అభిప్రాయం. 1974లో ఐఆర్‌ఏ వచ్చినప్పుడు కూడా అదే వయసు పెట్టారు, తీయాల్సినదానిలో తీయకుండా మిగిల్చిన మొత్తంపై 50 శాతం జరిమానా చేర్చారు. ఐఆర్‌ఏ కూడా సొంతదారు చేతిలోని ఖాతాయే.

తర్వాతి మార్పులూ ఇదే దారిలో నడిచాయి. కియో పరిమితులు తప్పించుకోవడానికి చాలామంది డాక్టర్లు తమ ప్రాక్టీసునే కంపెనీగా నమోదు చేసుకున్నారు. 1982లో కాంగ్రెస్ ఆ సందును మూసే పని చేపట్టింది. 1984 సవరణ తర్వాత డెబ్బయ్యున్నర గడువు కంపెనీలో 5 శాతానికి మించి వాటా ఉన్నవారిపై నిలిచింది. మిగతా ఉద్యోగులు రిటైరయ్యేదాకా ఆగవచ్చు. 1986 పన్ను సంస్కరణ అందరినీ ఒకే గడువు కిందికి తెచ్చింది. ఖాతా ఉన్నది రిటైరయ్యాక ఆగిపోయే జీతానికి బదులుగా నిలవడానికి, పన్నును అంతులేకుండా వాయిదా వేయడానికి కాదన్నదే అప్పటి సమర్థన. ఇంకా ఉద్యోగం చేస్తున్నవారికి ఇది అన్యాయమని తేలి, 1996లో వారికి మళ్లీ సడలింపు ఇచ్చారు. 5 శాతానికి మించి వాటా ఉన్న యజమానికి మాత్రం ఇవ్వలేదు. 1962 నాటి అనుమానం ఈ మినహాయింపులో ఇప్పటికీ బతికే ఉంది.

ప్రభుత్వం పన్ను పోగొట్టుకుంటోందన్న లెక్కనూ కాస్త సరిచూడాలి. పన్ను రేటు 20 శాతం అనుకుందాం. వెయ్యి డాలర్లపై ముందే పన్ను కడితే 800 మిగులుతాయి, అవి రెట్టింపై 1,600 అవుతాయి. పన్ను వాయిదా వేస్తే వెయ్యి 2,000 అవుతుంది, అప్పుడు 400 పన్ను పోగా మళ్లీ 1,600 మిగులుతాయి. ప్రభుత్వ వాటా కూడా 200 నుంచి 400 అయింది. కాబట్టి రేటు మారనంతకాలం ఖాతాదారుకు దక్కే అసలు లాభం, మధ్యలో పెరిగిన సొమ్ముపై ఏటా పన్ను లేకపోవడం. ఆ లాభం ఎంతకాలం, ఎవరి కోసం అన్నదే ప్రశ్న.

దానికి నిబంధన ఇచ్చే జవాబు చాలా మెత్తనిది. ఇప్పుడు ప్రారంభ వయసు 73. ఆ ఏట, గత డిసెంబరు 31 నాటి నిల్వను పట్టికలోని 26.5తో భాగించాలి. ఐదు లక్షల డాలర్లుంటే తీయాల్సింది సుమారు 18,868, అంటే నాలుగు శాతం కూడా కాదు. మిగిలినది ఏడాదికి 5 శాతం పెరిగితే ఖాతా 5,05,000 దాటుతుంది. ఎనభయ్యో ఏట భాజకం 20.2, అప్పుడు తీయాల్సింది ఐదు శాతానికి దగ్గరవుతుంది. నిబంధన ఖాతాను ఖాళీ చేస్తుందన్న భయానికి ఈ అంకెల్లో ఆధారం లేదు.

నా వాదనకు గట్టిగా అడ్డొచ్చేది రాత్ ఐఆర్‌ఏ. పన్ను ముందే కట్టి జమచేసే ఈ ఖాతాను 1997 చట్టం సృష్టించింది. దీనిలో సొంతదారు బతికున్నంతకాలం ఏమీ తీయనక్కర్లేదు. పన్ను వచ్చేసింది గనక వదిలేశారంటే, అసలు గురి పన్నేనని తేలినట్టు కాదా? అంత తేలిగ్గా తేలదు. 2006లో వచ్చిన రాత్ 401కె ఖాతాల్లోనూ పన్ను ముందే కట్టేస్తారు, అయినా 2023 దాకా వాటి నుంచి ఏటా తీయాల్సి వచ్చింది. వాటిపై ఆ షరతుకు పన్ను వసూలు కారణం కాలేదు. రాత్ ఐఆర్‌ఏ దగ్గర కాంగ్రెస్ తన పాత సూత్రాన్ని వదిలేసిందనే నేను అనుకుంటాను.

ఈ నిబంధన ఎవరిని నిజంగా కదిలిస్తుందో 2009 చూపించింది. మాంద్యం వల్ల ఆ ఒక్క ఏడాదికి దాన్ని నిలిపేశారు. ఒక పెద్ద పింఛన్ సంస్థ ఖాతాలను బ్రౌన్, పోటర్బా, రిచర్డ్‌సన్ పరిశీలిస్తే, నిబంధన వర్తించేవారిలో మూడో వంతు మంది డబ్బు తీయడం ఆపారు. మిగతావారు తీస్తూనే ఉన్నారు. అలవాటు కొద్దీ తీసినవారూ వారిలో ఉండవచ్చు. కానీ బలవంతం బరువు ప్రధానంగా ఆ డబ్బు వెంటనే అక్కర్లేనివారిపైనే పడుతుందని అనుకోవడానికి ఇది మంచి ఆధారం.

అందుకే ఇటీవలి మార్పులు నాకు సగమే నచ్చాయి. జరిమానా 2023 నుంచి 25 శాతానికి, గడువులో సరిదిద్దుకుంటే 10 శాతానికి తగ్గడం న్యాయం. లెక్క మరచిన ఎనభై ఏళ్ల మనిషిపై 50 శాతం మోపడం క్రూరం. 1965 వలస చట్టం తర్వాత వెళ్లిన తొలితరం తెలుగువాళ్లు ఇప్పుడు ఆ వయసులోనే ఉన్నారు. హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగొచ్చి స్థిరపడినా ఖాతా అక్కడే ఉంటే ఈ గడువూ వెంట వస్తుంది. వయసును డెబ్బయ్యున్నర నుంచి 72కు, 73కు, 2033 నుంచి 75కు జరపడం మాత్రం ఏటా డబ్బు అవసరమయ్యే పెద్దవాళ్లకు పెద్దగా ఉపయోగపడదు. వాళ్లు ఎలాగూ తీస్తున్నారు. లాభమంతా అవసరం లేనివారిది. అదే కాంగ్రెస్ వారసుల విషయంలో ఎదురు దిక్కున నడిచింది. 2020 నుంచి సంక్రమించిన ఖాతాను చాలామంది పదేళ్లలో ఖాళీ చేయాలంది. వచ్చే పన్ను ఇతర రాయితీల ఖర్చుకు సర్దుబాటైంది. ఖజానా లెక్క ఇక్కడ స్పష్టంగానే కనిపిస్తుంది.

చిన్న ఖాతాలను ఈ నిబంధన నుంచి తప్పించాలని, రాత్ ఐఆర్‌ఏలకు దాన్ని వర్తింపజేయాలని ఒబామా ప్రభుత్వం బడ్జెట్లలో ప్రతిపాదించింది. రెండూ చట్టం కాలేదు. 1962 నాటి ఉద్దేశానికి నమ్మకంగా ఉండాలంటే చేయాల్సినవి ఆ రెండే. కొద్దిపాటి పొదుపున్న వృద్ధుణ్ణి ఈ లెక్కల నుంచి విడిపించాలి, పెద్ద ఖాతాను ఏ పేరుతో ఉన్నా సొంతదారు జీవితకాలంలోనే ఖర్చుకు తేవాలి. వయసును ఏళ్లకేళ్లు వెనక్కి నెట్టడం ఈ రెంటిలో ఏదీ చేయదు.